డైక్‌స్ట్రా, నెగటివ్ ఎడ్జ్: అపోహలు - వాస్తవాలు

ఎలక్ట్రిక్ కారుకి S నుంచి మిగతా ఊళ్లకి అతి తక్కువ ఖర్చయ్యే రూట్‌ను డైక్‌స్ట్రా పద్ధతితో వెతుకుతున్నాం అనుకోండి. ఊరు అంటే నోడ్, రెండు ఊళ్ల మధ్య రోడ్డు అంటే ఎడ్జ్. ఎడ్జ్ బరువు అంటే ఖర్చయ్యే చార్జ్. కొండ దిగేటప్పుడు బ్యాటరీకి కొంత చార్జ్ తిరిగొస్తుంది కాబట్టి అక్కడ బరువు మైనస్. B కొండ మీది ఊరు, మిగతావి కింద ఉన్నవి.

```
S→A 2
S→B 5
B→A -4
A→C 1
```

అపోహ: నెగటివ్ ఎడ్జ్ ఉంటే ప్రోగ్రామ్ ఆగదు, లేదా ఎర్రర్ ఇస్తుంది.

ఇస్తే బాగుండేది! ఒక నోడ్‌ను ఒకసారి ఖాయం చేశాక మళ్లీ ముట్టుకోని మామూలు కోడ్ అయితే చక్కగా ఆగుతుంది, తప్పు జవాబుతో. ముందు A ని 2 దగ్గర, తర్వాత C ని 3 దగ్గర ఖాయం చేస్తుంది, చివర్లో B బయటికొచ్చి A కి 5-4=1 తో దారి ఉందని చూపించినా అప్పటికి తలుపులు మూసేశారు. అసలు జవాబులు A కి 1, C కి 2.

1959లో డైక్‌స్ట్రా అచ్చువేసిన ఈ పద్ధతి నిలబడేది ఒకే వాదన మీద. ఇంకా ఖాయం కానివాటిలో A దే అతి తక్కువ దూరం, 2. దానికి ఇంకో దారి ఉంటే అది ఖాయమైన గుంపు దాటి ముందు వేరే నోడ్‌లోకి వెళ్లాలి, అక్కడికే కనీసం 2 అవుతుంది, అక్కణ్ణుంచి A దాకా ఉన్న ముక్క సున్నాకి తగ్గదు, కాబట్టి మొత్తం 2 కి తగ్గదు. ఆ "సున్నాకి తగ్గదు" అన్న చోటే -4 వచ్చి కూర్చుంది. మిగతా వాదనలో ఏ తప్పూ లేదు.

అనుమానం వస్తే చివర్లో w బరువున్న ప్రతి u→v ఎడ్జ్‌కీ, d అంటే ప్రోగ్రామ్ ఇచ్చిన దూరం అనుకుని, `d[u]+w < d[v]` అవుతుందేమో చూడండి, ఒక్కచోట అయినా జవాబు తప్పే. ఇక్కడ B→A దగ్గర దొరికిపోతుంది.

అపోహ: అన్ని ఎడ్జ్‌లకీ 4 కలిపేసి మైనస్ పోగొడితే సరి.

నేనూ మొదట్లో ఇదే అనుకున్నాను. కలిపితే S→A 6, S→B→A మాత్రం 9+0=9, ఎందుకంటే రెండు ఎడ్జ్‌లున్న దారికి 4 రెండుసార్లు పడింది. ఎక్కువ మలుపులున్న దారికి జరిమానా వేసినట్టు.

కలపాల్సింది ఎడ్జ్‌కి కాదు, నోడ్‌కి. B కి ఎత్తు 4, మిగతావాటికి 0 అనుకుని బరువును `w+h(u)-h(v)` గా మార్చండి. S→B 1 అవుతుంది, B→A 0, మిగతావి మారవు. మైనస్ పోయింది, దారి మధ్యలో కలిపిన ఎత్తులన్నీ కొట్టుకుపోతాయి కాబట్టి ఏ రెండు ఊళ్ల మధ్యయినా దారుల వరస మారదు. ఇప్పుడు డైక్‌స్ట్రా ముందు B ని తీసి A కి 1, C కి 2 ఇస్తుంది. మన కారుకి ఎత్తులు కొండలే చెప్పాయి. మామూలు గ్రాఫ్‌లో వాటిని ముందు మైనస్ బరువుల్ని తట్టుకునే బెల్‌మన్-ఫోర్డ్ పద్ధతితో లెక్కేసుకోవాలి, జాన్సన్ పద్ధతి అదే. తిరిగి అక్కడికే వచ్చేసరికి మొత్తం మైనస్ అయ్యే చక్రం ఉంటే మాత్రం ఏ ఎత్తులూ కుదరవు.