పిచ్చి పాయింటూ, ఇంగ్లీషు గల్లీ

మొన్న టీవీలో టెస్ట్ మ్యాచ్ చూస్తుంటే మా మేనల్లుడు అడిగాడు, "మామా, గల్లీలో క్యాచ్ పట్టాడంటున్నారు, అది మన గల్లీయేనా?" అని. నవ్వొచ్చింది గానీ వాడి తప్పేం లేదు. వాడు బ్యాట్ పట్టిందే అంబర్‌పేటలో ఒక గల్లీలో, ఆటో అద్దం పగిలితే నలుగురూ నాలుగు దిక్కులకు పారిపోయే రకం క్రికెట్.

రెండూ వేర్వేరు మాటలు. మన గల్లీ హిందీ, ఉర్దూల నుంచి వచ్చింది. ఇంగ్లీషు గల్లీ అంటే వాన నీళ్లు నేలను కోసుకుంటూ పోతే మిగిలే ఇరుకైన కాలువ. క్రికెట్లో అది స్లిప్పులకూ పాయింటుకూ మధ్య ఉన్న సందు. చేయి జారి అంచు తగిలిన బంతి కోసం నిలబడేవాడు స్లిప్, బ్యాట్ మొన చూపించే వైపు ఉండేవాడు పాయింట్, ఈ ఇద్దరికీ అందకుండా మధ్యలోంచి జారుకునే బంతికి కాపలా కాసేవాడు గల్లీ.

సరే, అక్కడే ఎందుకు? దీనికి స్కూలు జామెట్రీ చాలు. బంతి వ్యాసార్థం దాదాపు 36 మిల్లీమీటర్లు. బ్యాట్ కదలకుండా ఉందనుకుందాం, దాని అంచును ఒక మూలలాగా తీసుకుందాం. నిజానికి బ్యాట్ కదులుతుంది, అంచు గుండ్రంగా ఉంటుంది, కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. బంతి ఆ మూలకు అర మిల్లీమీటరు మేర రాసుకుంటే సుమారు 15 నుంచి 20 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది, అది స్లిప్పుల దారి. అదే 5 మిల్లీమీటర్లు తగిలిందా, 45 నుంచి 60 డిగ్రీలు తిరిగి గల్లీ వైపు వెళ్తుంది. ఇంకా సన్నగా, వెంట్రుకవాసి తగిలితే కీపర్ చేతుల్లోకే. అంటే కీపర్ నుంచి గల్లీ దాకా వంగి నిలబడ్డ ఆ వరస మొత్తం, బ్యాట్ అంచు మీద ఓ నాలుగైదు మిల్లీమీటర్ల తేడాని మైదానం మీద సాగదీసి పరిచినట్టన్నమాట. నాకైతే క్రికెట్లో ఇంతకన్నా ముచ్చటైన లెక్క ఇంకోటి కనబడదు.

ఇక ఎంత దూరం? గంటకు 140 కిలోమీటర్లతో వేసిన బంతి నేల తాకి బ్యాట్ దగ్గరకొచ్చేసరికి కాస్త నెమ్మదిస్తుంది, అంచు తగిలాక ఇంకాస్త. సెకనుకు 30 మీటర్లు అనుకుంటే 12 మీటర్ల దూరంలో ఉన్న గల్లీకి దొరికే టైము 0.4 సెకన్లు. అందులో సగం, కంటికి కనబడింది బుర్రకెక్కి చెయ్యి కదలడం మొదలయ్యేలోపే పోతుంది. మరి ఇంకా వెనక్కి జరగొచ్చుగా అంటే, జరగలేరు. అర సెకనులో ఏ వస్తువైనా 1.2 మీటర్లు కిందికి పడుతుంది, నడుము ఎత్తులో తగిలిన బంతి ఆలోపే నేల మీదుంటుంది. ఫాస్ట్ బౌలింగ్‌లో బంతి నేల మీంచి ఇంకా పైకి లేస్తూ ఉంటుంది కాబట్టి స్లిప్పులు అంత వెనక నిలబడగలుగుతున్నారు. పిచ్ నెమ్మదిగా ఉండి బంతి లేవకపోతే వాళ్లు ముందుకు రావాలి. రాకపోతే తెలిసిపోతుంది, మంచి ఎడ్జ్ వాళ్ల బూట్ల ముందు టప్పున పడుతుంది, బౌలర్ నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశంలోకి చూస్తాడు.

ఇక సిల్లీ పాయింట్. సిల్లీ అంటే తెలివితక్కువ, అంటే ఒంట్లో బుద్ధి ఉన్నవాడెవడూ అంత దగ్గర నిలబడడు అని. బ్యాటర్‌కు రెండు మీటర్ల దూరం. అంతకన్నా బాగా దగ్గరికి రూలే పోనివ్వదు, బంతి బ్యాట్‌కో బ్యాటర్‌కో తగిలేదాకా లేదా బ్యాట్‌ను దాటేదాకా ఫీల్డర్ ఒంట్లో ఏ భాగమూ పిచ్ మీద ఉండకూడదు. ఆ దూరంలో గట్టిగా కొట్టిన బంతిని పట్టడమనే మాటే లేదు. సెకనుకు 20 మీటర్లతో వస్తే పదో వంతు సెకనులో మీద పడుతుంది, కన్ను చూసి చెప్పేలోపే అయిపోతుంది. మరి ఎందుకా మనిషి? మెత్తగా వచ్చే బంతి కోసం. స్పిన్నర్ బంతిని బ్యాటర్ ముందుకొచ్చి అడ్డుకుంటాడు, అది బ్యాట్‌కూ ప్యాడ్‌కూ తగిలి వేగం చచ్చి ఇలా పైకి లేస్తుంది. సెకనుకు ఆరు మీటర్లే అనుకోండి, మూడో వంతు సెకను దొరుకుతుంది. అది చాలు.

దీనికి మన ఉప్పల్లోనే మంచి ఉదాహరణ ఉంది. 2024 జనవరి 28, ఇంగ్లండ్‌తో టెస్టు, నాలుగో రోజు. గెలవడానికి 231 కావాలి, మనవాళ్లు వికెట్ పోకుండా 42 దాకా వచ్చారు. ఎడమచేతి స్పిన్నర్ టామ్ హార్ట్‌లీ బంతికి జైస్వాల్ షార్ట్ లెగ్‌లో, అంటే బ్యాటర్ కాళ్ల వైపు అంతే దగ్గరగా ఉండే చోట, ఒలీ పోప్‌కు దొరికిపోయాడు. స్కోరు కదలకముందే గిల్ వచ్చి, సిల్లీ పాయింట్‌లో అదే పోప్‌కు క్యాచ్ ఇచ్చి సున్నాకే వెళ్లిపోయాడు. చివరికి 28 పరుగుల తేడాతో ఓడిపోయాం, ఆ బాధ అలా ఉంచండి. ఇక్కడ చూడాల్సింది వేరే. జైస్వాల్ ఎడమచేతి వాటం, గిల్ కుడిచేతి వాటం. ఎడమచేతివాడికి కాళ్ల వైపు, అంటే లెగ్ సైడ్ ఏదో, కుడిచేతివాడికి దానికి ఎదురు పక్క, అంటే ఆఫ్ సైడ్ అదే, కాబట్టి పోప్ రెండు క్యాచ్‌లూ పిచ్‌కి ఒకే పక్కన పట్టాడు. మారింది పేరు మాత్రమే. హార్ట్‌లీ బంతి తిరిగేది కూడా ఆ పక్కకే, జైస్వాల్‌కు లోపలికి, గిల్‌కు బయటికి, కాబట్టి మెత్తగా లేచే బంతి కూడా ఎక్కువగా అటే పోతుంది. ఫీల్డింగ్ పేర్లు నేల మీద రాసినవి కావు, బ్యాటర్ ఎటు తిరిగి నిలబడ్డాడో దాన్ని బట్టి పుట్టే అడ్రసులు. "పాన్ డబ్బా ఎదురుగా" అని మనం చెప్పే అడ్రస్ లాంటిదే, డబ్బా రోడ్డుకి అవతలికి మారితే ఇల్లు అక్కడే ఉన్నా అడ్రస్ తప్పిపోతుంది.

బ్యాటర్‌కు అంత దగ్గర నిలబడటం సరదా కాదు. 1998లో ఢాకాలో మన బ్యాటర్ రమణ్ లాంబా హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడి, తలకు బంతి తగిలి చనిపోయాడు. ఇప్పుడు ఆ చోట హెల్మెట్ లేకుండా ఎవరూ కనబడరు, కాళ్లకు కూడా ప్యాంటు లోపల పల్చటి గార్డులు కట్టుకుంటారు, ఎందుకంటే పైకి ప్యాడ్లు కట్టుకునే హక్కు కీపర్‌కు ఒక్కడికే.

ఫైన్ లెగ్ దీనికి పూర్తిగా ఎదురు, బౌండరీ దగ్గర తీరిగ్గా. ఫైన్ అంటే బాగుందని కాదు, సన్నని కోణం అని. పిచ్ గీతను కీపర్ వెనక్కి పొడిగిస్తే దానికి దగ్గరగా, లెగ్ వైపున. ఫాస్ట్ బౌలర్ బంతి కాళ్ల మీదికొస్తే బ్యాటర్ కొట్టక్కర్లేదు, కాస్త తాకిస్తే చాలు, వేగం బౌలర్ ఇచ్చిందే. దగ్గర ఉన్నవాడు దాన్ని ఆపలేడు, బౌండరీ దగ్గరైతే పరిగెత్తి అడ్డుపడే టైముంటుంది. అటువైపు బ్యాటర్ వెనక ఇద్దరికి మించి పెట్టనివ్వరు, 1932-33 బాడీలైన్ సిరీస్‌లో ఒంటి మీదికి బంతులేసి అక్కడ మనుషుల్ని గుంపుగా పెట్టిన గొడవకి చాలా ఏళ్ల తర్వాత వచ్చిన రూలు. అందుకే ఫైన్ లెగ్‌లో ఉన్న ఆ ఒక్కడూ చాలా జాగా కాయాలి. ఎక్కువసార్లు ఆ ఒక్కడు ఇప్పుడే ఓవర్ ముగించిన ఫాస్ట్ బౌలరే, సిరాజ్‌ను గమనించండి కావాలంటే. తర్వాతి ఓవర్ అవతలి చివర నుంచి పడుతుంది కాబట్టి ఫైన్ లెగ్ చోటు అతను పరుగెత్తుకొచ్చిన వైపే ఉంటుంది, నాలుగడుగులు వెనక్కి నడిచి తాడు దగ్గర నీళ్లు తాగుతూ నిలబడొచ్చు.