యాప్ కమీషనా, సొంత డెలివరీయా: చిన్న హోటళ్ల లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

బరంపురంలో చిన్న టిఫిన్ హోటళ్లకు నేను లెక్కలు రాస్తుంటాను. యాప్ నుంచి డబ్బు బ్యాంకులో పడ్డ రోజు చాలామంది అడిగేది ఒకటే ప్రశ్న: "కమీషన్ ఇరవై రెండే అన్నారు కదండీ, మిగతా డబ్బులేటైపోతన్నాయి?"

అపోహ: కమీషన్ 22 శాతమంటే వందకు 22 రూపాయలే పోతాయి.

ఒక బిల్లు తీసుకుందాం. రెండు ప్లేట్ల ఇడ్లీ, మసాలా దోశ, బరా-ఘుగుని కలిపి యాప్‌లో 240 రూపాయలు. మన వాటాగా ఒప్పుకున్న ఆఫర్ 40 పోతే 200. దాని మీద కమీషన్ 22 శాతం, అంటే 44. ఆ కమీషన్ మీద జీఎస్టీ 18 శాతం, దగ్గరదగ్గర 8 రూపాయలు. చేతికొచ్చేది 148. అంటే 240లో 92 రూపాయలు, 38 శాతం, పోయింది.

ఇందులో కమీషన్ మీద కట్టే జీఎస్టీని చాలామంది తర్వాత తిరిగొస్తుందిలే అనుకుంటారు. హోటల్ తిండి మీద 5 శాతం పన్ను పద్ధతిలో ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు కాబట్టి ఆ 8 రూపాయలు ఖర్చే. తిండి మీద పడే 5 శాతాన్ని మాత్రం 2022 జనవరి నుంచి యాప్ వాళ్లే గిరాకీ దగ్గర తీసుకుని కడుతున్నారు. అది మన జేబులోంచి పోదు. టీడీఎస్ 0.1 శాతం కోస్తే అదీ నష్టం కాదు, పాన్ మీద జమై ఉంటుంది, రిటర్న్‌లో చూపించుకోవచ్చు.

స్టేట్‌మెంట్‌లో ముందు చూడాల్సింది కమీషన్ ఏ మొత్తం మీద వేశారన్నది. ఇదే బిల్లుకి ఆఫర్ తీయకముందు 240 మీద వేస్తే ఇంకో 10 రూపాయలు పోతాయి. ప్యాకింగ్ డబ్బుల మీద కూడా వేస్తున్నారా అన్నది ఒప్పందంలో రాసి ఉంటుంది, చదివి తీరాలి.

అపోహ: యాప్‌లో రేటు 22 శాతం పెంచేస్తే సరిపోతుంది.

సరిపోదు. కోత పడేది పెంచిన రేటు మీద. 200 సరుకుని 244 చేస్తే, జీఎస్టీతో కలిపి 26 శాతం పోగా మిగిలేది 181. పూర్తి 200 రావాలంటే 270 పెట్టాలి. ఆ రేటుకి టిఫిన్ ఎవరు కొంటారు? అందుకే ఆఫర్ తగ్గించుకోవడం, రెండు మూడు వస్తువులు కలిపి బిల్లు పెంచడం రేటు పెంచడం కన్నా మేలు.

అపోహ: యాప్ ఆర్డరంటే నష్టమే.

అది ఎవరి ఆర్డరన్నదాన్ని బట్టి ఉంటుంది. పై 148లో సరుకుకి 90, డబ్బాలకి 12 తీస్తే 46 మిగులుతుంది. సాయంత్రం పెనం ఖాళీగా ఉన్నప్పుడు, మన హోటల్ పేరే తెలియని మెడికల్ కాలేజీ హాస్టల్ కుర్రాడు పెట్టిన ఆర్డరైతే ఆ 46 లాభమే. రోజూ కౌంటర్‌కి వచ్చే మనిషి ఆఫర్ చూసి ఫోన్‌లో పెడితే మాత్రం, కౌంటర్‌లో అదే రేటుకి మిగిలే 150 కాస్తా 46 అయిపోతుంది.

అపోహ: వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుంటే ఖర్చే ఉండదు.

నేను ఎక్కువగా వాదించేది ఇక్కడే. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టడానికి, యూపీఐలో డబ్బు తీసుకోవడానికి దాదాపు ఏమీ అవ్వదు. ఖర్చంతా డెలివరీది. కుర్రాడికి రోజుకి 300, పెట్రోలుకి 100 అనుకుందాం. ఆర్డర్లు వచ్చినా రాకపోయినా 400 పోతుంది. 200 బిల్లు మీద యాప్ తీసేది 52. అంటే రోజుకి 8 ఆర్డర్లు సొంతంగా వస్తే యాప్‌తో సమానం, ఆపైన మనకి మిగులు. యాప్ వదిలి మన దగ్గరికి రమ్మని 10 శాతం తగ్గిస్తే ఆ 8 కాస్తా 13 అవుతుంది. తగ్గింపు లేకుండా డెలివరీకి 20 రూపాయలు తీసుకుంటే 6 చాలు.

అయితే ఆర్డర్లు రోజంతా పరుచుకుని రావు. రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది లోపు ఒకేసారి వస్తాయి. గోసాని నూఆగావ్‌కి ఒకటి, బడాబజార్‌కి ఒకటి పడితే ఒక కుర్రాడు గంటకి రెండు మూడు కన్నా తిప్పలేడు. నాలుగోది చల్లారిన దోశై వెళుతుంది. పైగా ఒడియాలో, తెలుగులో వచ్చే వాయిస్ మెసేజ్‌లు విని రాసుకునే మనిషి కౌంటర్‌లో ఉండాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే సొంత ఆర్డర్ మీద 5 శాతం మనమే కట్టాలి, దాన్ని మిగులులో కలపకూడదు.

నేను చెప్పే వరస ఇది. మొదటి నెల కుర్రాణ్ణి పెట్టకండి. ఫోన్‌లో చెప్పి వచ్చి పట్టుకెళ్లే ఆర్డర్లు మాత్రమే తీసుకోండి, అందులో కమీషన్ లేదు, పెట్రోల్ లేదు. ఇంటికి పంపుతారా అని అడిగినవాళ్ల పేట, టైము, బిల్లు ఒక పుస్తకంలో రాయండి. ఒకే వైపు నుంచి, రెండు కిలోమీటర్ల లోపు రోజుకి ఎనిమిది కనిపిస్తే అప్పుడు కుర్రాణ్ణి మాట్లాడుకోండి. 400 దాటిన బిల్లులు, పుట్టినరోజు ఆర్డర్లు సొంతానికి తిప్పుకోండి, వాటి మీద యాప్ కోత వంద దాటుతుంది. వందా నూట ఇరవై బిల్లులకి యాప్ తీసేది ముప్పై అటూఇటూ, ఆ డబ్బుకి మన కుర్రాడు ఊరి చివరిదాకా వెళ్లి రాలేడు కాబట్టి వాటిని యాప్‌కే వదిలేయండి.