పేగుకు తొందరెక్కువైతే

"సోమవారం నీళ్లలా, గురువారం మేకపెంటికల్లా. నాకున్నవి రెండు జబ్బులా?" పేగు కదలికలు అదుపు తప్పే ఐబీఎస్ అనే జబ్బు ఉందని డాక్టరు చెప్పిన ఒక పాఠకుడి ప్రశ్న ఇది.

జబ్బు ఒకటే. పాఠాల్లో రెండు లైన్లతో సరిపెట్టే పెద్దపేగు చేసే పని చూడండి. రోజూ సుమారు లీటరున్నర ద్రవం అందులోకి వస్తుంది. మలంతో బయటికి పోయేది 100-200 మిల్లీలీటర్లే, మిగతాది పేగు పీల్చేసుకుంటుంది. కాబట్టి మలం గట్టిగా ఉండాలా పలచగా ఉండాలా అన్నది చాలావరకు అది లోపల ఎంతసేపు ఉందన్నదాన్ని బట్టే తేలుతుంది.

టెన్షన్ పడితే మెదడులో సీఆర్‌హెచ్ అనే హార్మోను విడుదలవుతుంది. అది పెద్దపేగును పరుగెత్తిస్తుంది. తమాషా ఏమిటంటే, అదే హార్మోను జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది. అందుకే పైన పొట్ట బరువుగా ఉంటుంది, కింద ఆగదు.

ఇక ఆయన వారం చూద్దాం. సోమవారం ఆఫీసులో మీటింగ్. పొద్దున్నే మూడుసార్లు పలచగా అయింది. విరేచనాలు ఆగే మాత్ర వేసుకున్నారు. మంగళ, బుధవారాలు ఏమీ కాలేదు. అప్పటికే ఖాళీ అయిన పేగు మళ్లీ నిండటానికి రెండు మూడు రోజులు పట్టడం మామూలే. పైగా మాత్ర దాన్ని ఇంకా నెమ్మదింపజేసింది. మలబద్ధకం అనుకుని బుధవారం రాత్రి విరేచనకారి మందు తాగారు. గురువారం ముందు పెంటికలు వచ్చాయి, వాటి వెనకే నీళ్లు. ఈ ఊగిసలాటలో సగం మందులు తెచ్చిపెట్టిందే.

ఆయన అనుమానం కాఫీతో తాగిన పాల మీద. తాగిన ఇరవై నిమిషాలకే పరుగు కదా! కానీ అప్పటికి ఆ పాలు పెద్దపేగు దాకా చేరనే లేదు. కడుపులో ఏదైనా పడగానే పెద్దపేగు కదలడం సహజమైన స్పందన, ఐబీఎస్‌లో అది కాస్త ఎక్కువ. పాలు, ఉల్లి, గోధుమల్లోని చక్కెరలు పెద్దపేగుకు చేరి పులిసి, గ్యాస్ పట్టడానికి గంటలు కావాలి. కాబట్టి రెండు వారాలపాటు, తిన్నవి వేళలతో సహా రాసుకోవాలి. పక్కనే నొప్పి, టెన్షన్, గట్టి పెంటికలకు 1, నీళ్లలాంటి మలానికి 7 అని లెక్కగట్టే బ్రిస్టల్ చార్టులో మలం ఏ రకమో కూడా రాయాలి. అనుమానమున్నవాటిని నాలుగైదు వారాలు మానేసి, ఒక్కొక్కటే మూడేసి రోజులు తిరిగి తిని చూడాలి. మీటింగులున్న వారంలో మాత్రం ఈ పరీక్ష వద్దు, టెన్షన్ చేసిన నేరం ఉల్లిపాయ మీద పడుతుంది.

ఇసబ్‌గోల్ నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి రెండు వైపులా పనికొస్తుంది. అర చెంచాతో మొదలుపెట్టి, సరిపడా నీళ్లతో మెల్లగా పెంచాలి. మీటింగ్ ముందు రాత్రి నుంచే, నిమిషానికి ఆరుసార్ల చొప్పున పొట్ట కదిలేలా నిదానంగా ఊపిరి తీసుకోవడం చాలామందికి ఉపశమనం ఇస్తుంది.

మలంలో రక్తం పడినా, బరువు తగ్గినా, జ్వరం వచ్చినా, విరేచనాలు నిద్రలోంచి లేపినా అది ఐబీఎస్ లెక్కలోకి రాదు. డైరీ పక్కన పెట్టి వెంటనే డాక్టరును కలవాలి.