డిపాజిట్ కోసం వెళ్తే చేతికి పాలసీ: పాతికేళ్ల నేపథ్యం

పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడి ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరిందనుకుందాం. రెన్యువల్ కోసం బ్యాంకుకు వెళ్తే, ఏళ్ల తరబడి తెలిసిన ఉద్యోగి పక్క బల్ల దగ్గరున్న మరొకరిని పరిచయం చేస్తారు. "సార్, ఎఫ్‌డీ మీద వడ్డీ తగ్గిపోతోంది. ఇది కూడా మన బ్యాంకులోదే. రాబడికి గ్యారంటీ ఉంది, పన్ను పడదు" అంటారు ఆయన. సంతకాలు అయిపోతాయి. ఏడాది తిరిగాక "మీ రెండో ప్రీమియం చెల్లించండి" అని ఫోనుకు సందేశం వచ్చినప్పుడు గానీ, తాను కొన్నది జీవిత బీమా పాలసీ అని ఆ పెద్దాయనకు తెలియదు. ఆయన వయసుకు పాలసీ రాదు కాబట్టి అది కొడుకు పేరు మీద ఉంటుంది.

ఈ పక్క బల్ల బ్యాంకులోకి ఎలా వచ్చిందో తెలియాలంటే 2000 సంవత్సరానికి వెళ్లాలి. 1956లో జీవిత బీమాను జాతీయం చేసిన తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా ఆ వ్యాపారం ఎల్‌ఐసీ ఒక్కదాని చేతిలోనే ఉంది. బీమా నియంత్రణ సంస్థను ఏర్పరుస్తూ 1999లో వచ్చిన ఐఆర్‌డీఏ చట్టం ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. 2000 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం బీమాను బ్యాంకులు చేయదగిన వ్యాపారాల్లో చేర్చింది. కొత్త కంపెనీలకు ఊరూరా ఏజెంట్లు లేరు. బ్యాంకులకు శాఖలున్నాయి, ఖాతాదారుల వివరాలున్నాయి, అన్నిటికీ మించి జనం నమ్మకముంది. మొదట్లో ఒక బ్యాంకు ఒకే జీవిత బీమా కంపెనీతో ఒప్పందం చేసుకోవాలన్న నియమం ఉండేది. 2015లో దాన్ని మూడుకు, 2022లో తొమ్మిదికి పెంచారు.

బ్యాంకులకు ఇందులో ఉన్న ఆకర్షణ ఏమిటి? డిపాజిట్ తీసుకుంటే వడ్డీ ఇవ్వాలి, అందులో కొంత నిల్వగా ఉంచాలి, మిగిలింది అప్పుగా ఇచ్చి వసూలు చేసుకోవాలి. పాలసీ అమ్మితే ఈ బరువేమీ లేదు, కమీషన్ నేరుగా ఆదాయంలో చేరుతుంది. దీర్ఘకాల పాలసీలకు మొదటి ఏడాది ప్రీమియంలో 35 శాతం దాకా కమీషన్‌ను చట్టమే చాలాకాలం అనుమతించింది. బీమా కంపెనీల నుంచి బ్యాంకు సిబ్బంది ప్రోత్సాహకాలు తీసుకోరాదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. కానీ నెలవారీ లక్ష్యాల ఒత్తిడి ఏ నియమానికీ అందకుండా పనిచేస్తుంది. ఆ ఉద్యోగిని ఒక్కడినే దోషిగా చూడటం నాకు న్యాయంగా తోచదు.

మొదటి పదేళ్లూ యులిప్‌లవి. ప్రీమియంలో కొంత బీమాకు, మిగిలింది షేర్లు, బాండ్లలోకి వెళ్లే పాలసీలు ఇవి. తొలి ఏళ్ల ప్రీమియంలో పెద్ద ముక్క ఛార్జీలకే పోయేది. మూడేళ్లు కడితే చాలని అమ్మేవారు. 2008లో మార్కెట్ కూలినప్పుడు ఎందరో అసలుకే ఎసరు వచ్చిందని గ్రహించారు. 2009 ఆగస్టులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, అమ్మేవారి కమీషన్‌కు ఆధారమైన మ్యూచువల్ ఫండ్ల ప్రవేశ రుసుమును రద్దు చేయడంతో అమ్మేవారి మొగ్గు యులిప్‌ల వైపు ఇంకా పెరిగింది. 2010 ఏప్రిల్‌లో 14 బీమా కంపెనీలపై సెబీ ఆంక్ష విధించడం, యులిప్‌లు ఎవరి పరిధిలోవన్న వివాదం రేగడం, జూన్‌లో ఆర్డినెన్సుతో ప్రభుత్వం వాటిని బీమా నియంత్రణ సంస్థకే అప్పగించడం వరసగా జరిగాయి. ఆ సెప్టెంబరు నుంచి ఛార్జీలకు పరిమితులు వచ్చాయి, కనీస గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

అయితే అమ్మకం ఆగలేదు, సరుకు మారింది. యులిప్‌లో ఛార్జీలు కనీసం కాగితం మీద కనిపించేవి. ఆ తర్వాత కౌంటరుకు వచ్చిన, పొదుపును బీమాతో కలిపే ఎండోమెంట్, గ్యారంటీ ఆదాయం పాలసీల్లో అవి విడిగా కనిపించవు. నష్టం ఎంతో తెలిసేది మధ్యలో మానేసినప్పుడే. పాత నియమాల ప్రకారం ఒక్క ఏడాది కట్టి ఆపేస్తే సాధారణంగా ఒక్క రూపాయి కూడా తిరిగి వచ్చేది కాదు. పైన చెప్పిన ఉపాధ్యాయుడి లాంటి వారు ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే, ఎందుకంటే వారి దగ్గర ఉన్నది ఒకేసారి వేయగల సొమ్ము, ఏటా కట్టగల ఆదాయం కాదు. 2024 అక్టోబరు నుంచి, ఒక పూర్తి సంవత్సరం ప్రీమియం కట్టి ఆ ఏడాది గడిస్తే మధ్యలో మానేసినవారికి కొంత సొమ్ము, అంటే సరెండర్ విలువ, ఇవ్వాలన్న నియమం అమల్లోకి వచ్చింది. అది నష్టాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తీర్చదు.

ఇక "గ్యారంటీ రాబడి" లెక్క. ఏటా లక్ష చొప్పున పదేళ్లు కడితే, మొదలుపెట్టిన పదిహేనేళ్లకు 16 లక్షలు వస్తాయని చెప్పారనుకుందాం. పది లక్షలకు ఆరు లక్షల లాభం, అంటే 60 శాతం అని వినిపిస్తారు. కానీ మొదటి లక్ష పదిహేనేళ్లు వారి దగ్గర ఉంది, చివరి లక్ష ఆరేళ్లు ఉంది. ఆ కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే రాబడి ఏడాదికి దాదాపు 4.5 శాతం మాత్రమే. అదే సొమ్ము అలాగే ఏటా 6.5 శాతం చక్రవడ్డీకి వేసి ఉంటే పదిహేనేళ్లకు 19.7 లక్షలకు దగ్గరగా అయ్యేది. ఎఫ్‌డీ వడ్డీపై పన్ను ఉంటుంది, షరతులకు లోబడి పాలసీ సొమ్ముపై ఉండకపోవచ్చు. ఎక్కువ పన్ను శ్లాబులో ఉన్నవారికి తేడా తగ్గుతుంది. పన్ను కట్టేంత ఆదాయమే లేని పింఛనుదారుకు ఆ మినహాయింపుతో ఒరిగేదేమీ లేదు. ఆ మినహాయింపు గురించి ఎక్కువగా చెప్పేది మాత్రం ఆయనకే.

గుర్తుపట్టడానికి కాగితమే చాలు. డిపాజిట్ ఫారంలో మీ ఎత్తు, బరువు, పాత జబ్బుల గురించి ఎవరూ అడగరు. ఆ ప్రశ్నలు కనిపించాయంటే మీ ముందున్నది బీమా ప్రతిపాదన పత్రం. చెక్కు ఎవరి పేర రాయమంటున్నారో చూడండి. పేరులో బ్యాంకు పేరే కలిసి ఉన్నా, వెనక "లైఫ్ ఇన్సూరెన్స్" అని ఉంటే అది వేరే కంపెనీ. బ్యాంకు డిపాజిట్లకున్న ఐదు లక్షల రూపాయల బీమా రక్షణ దానికి వర్తించదు. పాలసీ కాలం, ప్రీమియం చెల్లించే కాలం అని రెండు వేర్వేరు అంకెలుంటాయి. "ఐదేళ్లు" అన్న మాట ఈ రెంటిలో దేని గురించో అడగాలి. అన్నిటికన్నా పెద్ద ఆనవాలు మరొకటి ఉంది: "ధ్రువీకరణ ఫోను వస్తుంది, అన్నిటికీ అవునని చెప్పండి" అనడం. ఆ ఫోనులో అడిగేదే మీరు కొంటున్నది బీమా అని, ఏటా కట్టాలని మీకు తెలుసా అని. రేపు ఫిర్యాదు చేస్తే మీ "అవును" మీకే ఎదురు నిలుస్తుంది.

పాలసీ ఇంటికి వచ్చేసినా, పత్రం అందిన నాటి నుంచి 30 రోజుల్లోగా కారణం చెప్పకుండానే వెనక్కి ఇవ్వవచ్చు. దీన్ని ఫ్రీ లుక్ గడువు అంటారు. గతంలో ఇది చాలా పాలసీలకు 15 రోజులే, 2024లో పెంచారు. స్టాంపు రుసుము, వైద్య పరీక్ష ఖర్చు, గడిచిన రోజుల బీమా ఖర్చు తీసుకొని మిగతాది తిరిగి ఇస్తారు. యులిప్ అయితే ఆనాటి యూనిట్ల విలువనూ లెక్కలోకి తీసుకుంటారు. ఉత్తరం బీమా కంపెనీకి ఇచ్చి, అందినట్టు తేదీతో రసీదు తీసుకోవాలి. "వచ్చే నెల చూద్దాం సార్" అని శాఖలో చెప్పే మాటతో ఆ గడువు కరిగిపోతుంది.

30 రోజులు దాటితే మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు పరిష్కరించే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, హైదరాబాద్‌లోనూ ఒక కార్యాలయం ఉంది. బ్యాంకు తీరుపై ఫిర్యాదు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్తుంది. బ్యాంకులు అమ్మే బీమా, మ్యూచువల్ ఫండ్లలో లోపాలను 2017లోనే ఆ పథకం పరిధిలోకి తెచ్చారు. అక్కడ నిలిచేవి కాగితాలే కాబట్టి, రాబడి అంకె చెప్పిన రోజునే దాన్ని బ్యాంకు ఈమెయిల్ నుంచి పంపమని అడగండి. పంపడానికి వెనకాడితే అక్కడికక్కడే చెక్కు వెనక్కి తీసుకుని, ఎఫ్‌డీ రెన్యువల్ ఫారం ఇవ్వమనండి.