“గ్రాండ్‌గా చేసెయ్ బాబూ” అంటే ఎడిటర్‌కి ఏం అర్థమవుతుంది?

శ్రీకాకుళంలో పండగల ముందు రీల్స్ పని చేసే ఏ ఎడిటర్ ఫోన్ చూసినా ఒకే రకం మెసేజ్ ఉంటుంది: “క్లిప్పులు పంపాను, గ్రాండ్‌గా చేసెయ్ బాబూ, సాయంత్రానికి కావాలి.” తర్వాత నాలుగైదు సార్లు మార్పులు, ఇరువైపులా చిరాకు. తప్పు సాధారణంగా ఎడిటింగ్‌లో ఉండదు, చెప్పడంలోనే ఉంటుంది.

అపోహ: మూడ్ ఒక్క మాటలో చెబితే చాలు.

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. పొందూరు ఖద్దరు అమ్మే దుకాణానికి రీల్ అనుకోండి. “గ్రాండ్‌గా” అనగానే ఎడిటర్ డప్పుల బీట్ వేస్తాడు, అరసెకనుకో కట్, మధ్యలో ఫ్లాష్‌లు, మొత్తం మీద బంగారు రంగు ఫిల్టర్. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వే షాట్ అరసెకనులో వెళ్లిపోతుంది. అవి చేప పళ్లు అని చూసేవాళ్లకి తెలిసేలోపే రాట్నం వచ్చేస్తుంది. పైగా ఆ ఫిల్టర్ దెబ్బకి తెల్ల ఖద్దరు పాతబడి పసుపెక్కిన బట్టలా కనిపిస్తుంది. అమ్మాల్సిన సరుకునే చెడగొట్టినట్టు.

మూడ్‌ని ఎడిటర్ చేతికి అందే నాలుగు విషయాలుగా చెప్పాలి: కట్ ఎంత వేగం, శబ్దం ఏమిటి, రంగు ఎలా ఉండాలి, ఏవి వద్దు. ఇదే దుకాణానికి ఇలా రాయొచ్చు:

“మొదటి షాట్ వాలుగ దవడ, దగ్గర నుంచి, 3 సెకన్లు. అక్కడ మ్యూజిక్ వద్దు, పత్తి దువ్వే చప్పుడే వినిపించాలి. మిగతా షాట్లు 2 నుంచి 3 సెకన్లు. రాట్నం చప్పుడు తీసేయొద్దు, మ్యూజిక్ దాని కింద మెల్లగా ఉండాలి. తెలుపు తెలుపుగానే ఉండాలి. ఫ్లాష్‌లు, స్పీడ్ పెంచడాలు వద్దు.”

నచ్చిన రీల్ లింక్ పంపడం మంచిదే, కానీ ఒట్టి లింక్ పంపితే ఎడిటర్ అందులో దేన్ని పట్టుకోవాలి? “4వ సెకను నుంచి 9వ సెకను వరకు కటింగ్ ఇలా కావాలి, రంగు మాత్రం ఇది వద్దు” అని రాయండి.

క్లిప్పులు వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. నూలు పోగు సన్నదనం చూపించాల్సిన రీల్‌కి అది పెద్ద నష్టం. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టండి.

అపోహ: ఎక్కువసేపు ఉంటే ఎక్కువ విషయం చెప్పొచ్చు.

30 సెకన్ల రీల్లో పైన చెప్పిన వేగానికి 10 నుంచి 14 షాట్లే పడతాయి. వెనక గొంతుతో మాటలు చదివించాలంటే తెలుగులో 60 దాటితే పరుగే. దుకాణం చరిత్ర, చీరలు, ధోవతులు, డిస్కౌంట్ అన్నీ ఒకే దాంట్లో కావాలంటే అది ఒక రీల్ కాదు, మూడు.

అపోహ: టెక్స్ట్ ఎడిటరే టైప్ చేసుకుంటాడు.

కరపత్రం ఫొటో తీసి పంపకండి. చూసి టైప్ చేసేటప్పుడు ఫోన్ నంబర్లో ఒక అంకె మారితే అక్కడితో రీల్ వృథా. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లిచ్చిన అను ఫాంట్ ఫైల్ నుంచి కాపీ చేసినా పనికిరాదు. వేరే చోట అతికిస్తే పిచ్చి గుర్తులొస్తాయి. ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేసి, ఏ లైను ఏ షాట్ మీద రావాలో పక్కనే రాసి పంపండి. ఒక్కో లైనులో నాలుగైదు మాటలు చాలు. మెల్లగా రెండుసార్లు చదువుకునేంతసేపు అది తెర మీద ఉండాలి.

ఒత్తుల సంగతి మరవొద్దు. ప్రీమియర్ ప్రోలో గ్రాఫిక్స్ సెట్టింగుల్లో South Asian and Middle Eastern ఎంచుకోకపోతే “ఖద్దరు”లో ద కింద ఒత్తు విడిపోయి “ఖద్‌దరు” అయిపోవచ్చు. తెలుగు చదవని ఎడిటర్‌కి ఆ తేడా కనిపించదు. అందుకే ఫాంట్ పేరు (రామభద్ర, మండలి లాంటివి ఉచితంగా దొరుకుతాయి) చెప్పి, ముందు ఒక్క ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ అడగండి. ఫోన్ నంబర్, అడ్రస్ తెర అడుగున పెట్టించకండి. అక్కడ అకౌంట్ పేరు, క్యాప్షన్ వచ్చి కప్పేస్తాయి. కుడి అంచున లైక్ బటన్లు ఉంటాయి. మధ్య భాగమే మీది.

అపోహ: ఒక వీడియో ఫైల్ వస్తే పని అయిపోయినట్టే.

సంక్రాంతి అయ్యాక “పండగ ఆఫర్” తీసేయాలంటే టెక్స్ట్ లేని కాపీ కావాలి. కాబట్టి ముందే అడగాల్సినవి: 1080x1920 సైజులో టెక్స్ట్ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, ఒక కవర్ ఫొటో. దుకాణంలో టీవీ మీద వేయాలంటే అడ్డం వీడియో కూడా కావాలని షూటింగ్‌కి ముందే చెప్పాలి. నిలువుగా తీసిన దాన్ని అడ్డంగా కోస్తే నేత మనిషి తల పోతుంది. ప్రాజెక్ట్ ఫైల్ సాధారణంగా రేటులో కలిసి ఉండదు, కావాలంటే మొదటి రోజే మాట్లాడుకోండి.

సినిమా పాట విషయం ఒక్క ముక్క: డబ్బు పెట్టి బూస్ట్ చేసే రీల్‌కి అది వద్దు. యాడ్ తిరస్కరిస్తారు, లేదా సౌండ్ తీసేస్తారు. వ్యాపారానికి వాడుకునే లైసెన్స్ ఉన్న మ్యూజిక్కే వేయమని బ్రీఫ్‌లో రాసేయండి.

మార్పులు చెప్పేటప్పుడు “ఎందుకో బాలేదు” అనకండి. “12వ సెకనులో చీర అంచు కనిపించట్లేదు, ఇంకో సెకను ఉంచండి” అంటే పది నిమిషాల పని.