తకరారు బిల్లు, బాకీ నోటీసు, ఆగిపోయిన ఆర్డరు: కొన్ని అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లాలో రొయ్యల మేత డీలర్ల బాకీలు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. కంపెనీ లెక్కలు నడిపే ఈఆర్పీ సిస్టమ్‌నే అందరూ తిడతారు, కానీ నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం మనం దానికి చెప్పాల్సింది చెప్పకపోవడం వల్ల వచ్చినవే. కావలి వైపు డీలర్ ఒకాయన విషయంలో జరిగింది చెబుతాను, అంకెలు సులువుగా ఉండేలా కాస్త సర్దాను.

అపోహ: అరువు లిమిట్‌లో లెక్కకొచ్చేది బిల్లుల బాకీ ఒక్కటే.

ఆయన లిమిట్ 40 లక్షలు. ఫోన్ చేసి, "అన్నా, నా పుస్తకంలో బాకీ 31,25,000 ఉంది, ఇంకా 8,75,000 ఖాళీ ఉందిగా, 100 బస్తాలకి ఆర్డరు ఎందుకు ఆపారు?" అన్నాడు. ఆయన లెక్క ఆయన వరకు కరెక్టే. కానీ సిస్టమ్ బిల్లులతో ఆగదు. లారీ ఎక్కి ఇంకా బిల్లు కాని సరుకు 3,40,000, ఇంకా పంపాల్సిన ఆర్డర్లు 4,50,000 కూడా కలుపుతుంది. అంటే 39,15,000. బస్తా 2,250 చొప్పున కొత్త ఆర్డరు 2,25,000 కలిస్తే 41,40,000, అందుకే బ్లాక్ పడింది. డీలర్‌తో మాట్లాడేటప్పుడు ఈ మూడు అంకెలూ విడివిడిగా చదివి వినిపించండి, సగం కోపం అక్కడే తగ్గుతుంది.

అపోహ: తకరారు ఉంటే బిల్లు మొత్తం పక్కన పెట్టాలి.

అసలు కథ ఇదే. నవంబర్ వానల్లో వెళ్లిన 300 బస్తాల లోడులో 18 తడిసిపోయాయి. డీలర్ చలానా మీద రాసి సంతకం పెట్టించుకున్నాడు, ఫోటోలు సేల్స్ అబ్బాయికి వాట్సాప్‌లో పంపాడు. ఆ ఫోటోలు అకౌంట్స్‌కి రానే లేదు. బిల్లు 6,75,000, తకరారు మాత్రం 40,500. ఆయన మొత్తం బిల్లు కట్టడం ఆపేశాడు, మేము మొత్తం బిల్లుకీ నోటీసులు పంపాం, జనవరిలో మూడో మెట్టు నోటీసు వెళ్లాక ఆయన మా ఫోన్ ఎత్తడం మానేశాడు. తడిసిన మేత ఎవరు పంపారో చూడకుండా ఆయన్నే ఎగవేతదారుగా చూశాం, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక్కడ లెక్క చూడండి. తకరారు సొమ్ము 40,500 లిమిట్ లెక్కలోంచి తీసేసినా 40,99,500 అవుతుంది, ఆర్డరు కదలదు. తకరారు లేని 6,34,500 వసూలైతే 35,05,500కి దిగుతుంది, ఆర్డరు వెళ్లిపోతుంది. డీలర్‌కి కూడా కావలసింది అదే, చెరువుల్లో పంట నడుస్తుంటే మేత ఆగకూడదు. అందుకే "తడిసిన 18 బస్తాల సంగతి మేం తేలుస్తాం, మిగతా 282 బస్తాల డబ్బు పంపండి" అని మొదటి వారంలోనే అడగాలి.

ఆ డబ్బు వచ్చాక ఎంట్రీ వేసేటప్పుడు జాగ్రత్త. పాక్షిక చెల్లింపుగా వేస్తే పాత బిల్లు గడువుతో సహా అలాగే తెరిచి ఉంటుంది, చెల్లింపు పక్కన కనిపిస్తుంది. మిగులు ఐటమ్‌గా వేస్తే పాత బిల్లు మూసుకుపోయి 40,500కి కొత్త లైను వస్తుంది. నోటీసులు ఆపే బ్లాక్ ఆ ఒక్క లైనుకే పెట్టొచ్చు, కారణం కోడు కూడా ఇవ్వొచ్చు కాబట్టి నాకు ఇదే నచ్చుతుంది. కానీ సెట్టింగును బట్టి కొత్త లైనుకి గడువు మళ్లీ ఆ రోజు నుంచే మొదలయ్యే ప్రమాదం ఉంది, అప్పుడు రెండు నెలల పాత బాకీ నిన్నటి బాకీలా కనిపిస్తుంది. ఏ బాకీ ఎన్ని రోజులదో చూపే ఏజింగ్ రిపోర్టు ఒకసారి తీసి చూస్తే తెలిసిపోతుంది.

అపోహ: గొడవ ఉంది కదా, డీలర్ అకౌంటుకే నోటీసులు ఆపేస్తే సరి.

అలా ఆపితే ఆయన మిగతా బిల్లులన్నీ కూడా మౌనంగా పాతబడతాయి. ఎస్‌ఏపీలో అయితే `FB02`లో ఆ లైనుకి మాత్రమే డన్నింగ్ బ్లాక్, అంటే నోటీసులు ఆపే గుర్తు, పెట్టొచ్చు, తర్వాత `F150` నడిపినప్పుడు మిగతావాటికి నోటీసు మామూలుగా వెళుతుంది. డబ్బు ఇంకా రాకపోతే లైను విడిపోలేదు కాబట్టి బ్లాక్ 6,75,000కీ పడుతుంది, ఆ కొద్ది రోజులు 6,34,500 కోసం మనిషే ఫోన్ చేయాలి.

తడిసిన బస్తాల సొమ్ము తగ్గిస్తూ క్రెడిట్ నోట్ వేసేటప్పుడు అసలు బిల్లు నంబరు తప్పకుండా ఇవ్వండి, లేకపోతే అది ఏ బిల్లుకీ చెందనట్టు అకౌంటులో పడి ఉంటుంది. నేను ఇప్పుడు ప్రతి సోమవారం `FBL5N`లో బ్లాక్ ఉన్న లైన్లు తీసి, 30 రోజులు దాటినవాటి మీద సేల్స్ వాళ్లని పేరుపేరునా అడుగుతాను. ఆ 40,500కి క్రెడిట్ నోట్ మార్చిలో గానీ రాలేదు, అప్పటికి ఆ డీలర్ సగం మేత వేరే కంపెనీ నుంచి తెప్పించుకుంటున్నాడు.