ఒకటా, ఏడా? ఫొటో చూసి అంకెలు ఎక్కించేవాళ్ల అపోహలు – వాస్తవాలు

అపోహ: ఫొటో పెద్దది చేసి చూస్తే ఏ అంకో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. పొదుపు సంఘం సభ్యుల ఖాతా నంబర్ల కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించుకుపోయి వస్తుంది. పైన తెరిచి రాసిన 4లో ఖాళీ పూడుకుపోయి 9 అవుతుంది. 3 ఎడమవైపు మూసుకుపోయి 8 అవుతుంది. పోయిన ఖాళీ ఎంత జూమ్ చేసినా తిరిగి రాదు. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

మిగతా సగానికి, అనుమానం వచ్చిన అంకెనే గుచ్చి గుచ్చి చూడటం మానండి. రాసినవాళ్ల చెయ్యి ఎలా తిరుగుతుందో చూడండి. అనుమానానికి తావులేని అంకెలు అదే కాగితంలో ఉంటాయి. తేదీ 17/03 అనుకోండి. రోజులో మొదటి అంకె 3 దాటదు కాబట్టి అది కచ్చితంగా 1. మన మొబైల్ నంబరు 6, 7, 8, 9లతోనే మొదలవుతుంది కాబట్టి అక్కడ 1లా కనిపించేది 7. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో అయిదో స్థానంలో ఎప్పుడూ సున్నానే, ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం కాదు. అంటే ఆ మనిషి రాసే 1, 7, 0 మీ చేతికి వచ్చేశాయి.

ఇప్పుడు ఖాతా నంబరులో ఆరో అంకె దగ్గర ఆగిపోయారనుకుందాం. తేదీలోని 1కి పైన కిందికి వాలిన పొట్టి కొక్కెం ఉంది. ఫోన్ నంబరులోని 7కి పైగీత అడ్డంగా, పొడవుగా ఉంది. మీ అంకెకి వాలిన కొక్కెం ఉంటే అది 1. రెండిటినీ పోలకపోతే ఊహించకండి, ఆ గడి ఖాళీగా వదిలి ఫోన్ చేయండి. “ఇది ఏడే కదండీ?” అంటే చాలామంది చూడకుండానే అవునంటారు. “పాస్‌బుక్ తీసి ఆరో అంకె చదవండి” అనండి.

అపోహ: మొత్తం సరిపోయింది, ఇక తప్పు లేదు.

వాస్తవం: రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవచ్చు. పైగా ఖాతా నంబర్లకు మొత్తం ఎక్కడిది? డబ్బుల పట్టీలో మాత్రం తేడాయే ఆచూకీ చెబుతుంది. 600 తేడా వస్తే వందల స్థానంలో 1–7 గానీ 0–6 గానీ తారుమారై ఉండొచ్చు. 500 అయితే 4–9 లేదా 3–8. తేడా 9తో భాగింపబడితే పక్కపక్క అంకెలు స్థానం మారాయేమో చూడండి. 5,382ని 5,832గా కొడితే తేడా 450.

అపోహ: నంబరు తప్పయితే పేరు కలవక బ్యాంకు ఆపేస్తుంది.

వాస్తవం: నెఫ్ట్‌లో జమ చేసేది ఖాతా నంబరును బట్టే. ఆ తప్పు నంబరు ఇంకెవరిదైనా అయితే డబ్బు వాళ్ల ఖాతాలో పడుతుంది. పంపేముందు ఖాతాదారు పేరు చూపించే సదుపాయం 2025 నుంచి ఉంది. అది తెరిచి చదివినవాళ్లకే ఉపయోగం.